పాఠం ఉంచండి, ఆ పదిహేడు సెకన్లే తీసేయండి

ఇప్పుడు చాలా కాలేజీల్లో పాఠాలు రికార్డు చేసి యూట్యూబులో పెడుతున్నారు కదా. క్లాసుకు రాలేని పిల్లలకు అదో ఆసరా. అయితే మైకు మేష్టారి కాలరుకే ఉంటుంది కనుక, పాఠం మధ్యలో ఆయన అనేసిన మాటా అందులో పడిపోతుంది.

మా చెల్లెలి కూతురు బి.కాం. చదువుతోంది. తరుగుదల లెక్క చెబుతూ లెక్చరర్ గారు దాన్ని పేరుపెట్టి పిలిచి, వాళ్ళ నాన్న కొట్టు మూసేసిన సంగతి ఉదాహరణగా చెప్పారట. ఆయన ఉద్దేశం చెడ్డది కాకపోవచ్చు. కానీ క్లాసులో ఒకసారి విన్నది వేరు, లింకు ఉన్నవాళ్ళంతా పదేపదే వినడం వేరు.

ఏడుస్తూ కూర్చోకుండా పిల్ల ఆఫీసుకు ఇలా రాసింది:

"అయ్యా, ఆగస్టు 12 మూడో పీరియడు అకౌంటెన్సీ పాఠం వీడియోలో 23 నిమిషాల 41వ సెకను నుంచి 58వ సెకను వరకు నా పేరుతో మా ఇంటి విషయం వినబడుతోంది. అది పాఠానికి అవసరమైనది కాదు. పాఠం తీసేయమని కోరడం లేదు. అంతమేరకు శబ్దం ఆపి, కింద వచ్చే అక్షరాల్లోనూ ఆ వాక్యాలు తొలగించ ప్రార్థన. పని పూర్తయ్యేవరకు వీడియోను ఎవరికీ కనబడకుండా ఉంచగలరు."

చూశారా, ఆ మాట ఏమిటో ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. ఆ కాగితం నాలుగు బల్లల మీదుగా వెళుతుంది మరి! గడియారం టైము కాక వీడియో కింద కనబడే నిమిషాలే ఇచ్చింది. లేకపోతే ఆఫీసువాళ్ళు గంట పాఠమంతా వెతకాలి, విసుగొచ్చి పక్కన పడేస్తారు. మాట నిజానికి 52వ సెకనుకే అయిపోయింది. వెనక బెంచీలవాళ్ళు నవ్వుతూ మళ్ళీ దాని పేరు పిలిచారు, అందుకే 58 దాకా.

అక్షరాల సంగతి చాలామందికి తట్టదు. శబ్దం ఆపినా కింద ఆ వాక్యం అలాగే వస్తుంటే లాభమేముంది చెప్పండి? ఇంకొకటి. యూట్యూబులో ఉన్న వీడియో స్థానంలో, అదే లింకుతో, సరిచేసిన వీడియోను పెట్టడం కుదరదు. కొత్తది ఎక్కిస్తే దానికి వేరే లింకు వస్తుంది, అప్పుడు పాతది తీసేయాలి. పాత లింకు నొక్కి చూస్తే తీశారో లేదో తెలిసిపోతుంది. కొత్తదాన్ని ఇయర్‌ఫోన్లు పెట్టుకుని వినాలి, సన్నగా వినబడే ముక్కలు మామూలుగా వింటే దొరకవు.

అప్పటికే ఎవరైనా ఫోన్లో దింపుకున్న కాపీని మాత్రం ఆఫీసు ఏమీ చేయలేదు. అందుకే ఉత్తరం ఆలస్యం చేయకూడదు.

అన్న మాట కులం గురించో, ఒంటి గురించో అయి, మీ అమ్మాయి ఫిర్యాదు చేయాలనుకుంటే వరస మారుతుంది సుమండీ. అదే సాక్ష్యం కాబట్టి, అసలు రికార్డింగు చెరపకుండా విడిగా భద్రపరచమని అదే ఉత్తరంలో ఒక వాక్యం కలపాలి. ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్ళి, ఒకదాని మీద ఆఫీసు ముద్ర, తేదీ వేయించుకుని ఇంటికి తెచ్చుకోవాలి.