ఎనిమిదో నంబరు ఎందుకు తిరిగొస్తోంది?

ఆన్‌లైన్‌లో అమ్మిన బూట్లు వాపసు వస్తే కొన్నవాళ్ల డబ్బు తిరిగి ఇవ్వడంతో ఖర్చు ఆగదు. ఒక చిన్న లెక్క వేద్దాం. జతకు లాభం 150 రూపాయలు అనుకోండి. పంపడానికి కొరియర్ 70, వెనక్కి తేవడానికి 90, నలిగిన పెట్టె మార్చి మళ్లీ ప్యాక్ చేయడానికి 30 అయితే, ఒక్కో వాపసుకు 190 పోతాయి. వంద జతలు పంపితే 24 తిరిగొచ్చాయనుకుంటే, నిలిచిన 76 జతల లాభం 11,400లో 4,560 రూపాయలు వాటికే ఖర్చవుతాయి.

ఆ 24 మంది కారణాలు తిరగేస్తే 15 మంది ‘బిగుతు’ అన్నారనుకుందాం. అసలు పని ఇక్కడ మొదలవుతుంది. ‘బిగుతు’ ఒక్క నంబరుకే వస్తే ఆ నంబరులోనో, దాని లేబుల్‌లోనో తప్పుంది. అన్ని నంబర్లకూ వస్తే ఆ మోడలే చిన్నది. కొందరు బిగుతు, కొందరు వదులు అంటుంటే సైజుల పట్టిక జనానికి అర్థం కావడం లేదు.

బూటును లాస్ట్ అనే అచ్చు మీద కుడతారు. యూకే లెక్కలో ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే సుమారు ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు. కాబట్టి అర సెంటీమీటరు తగ్గినా కాలికి తెలిసిపోతుంది. వాపసులు తక్కువగా ఉన్న మోడల్‌లో ఎనిమిదో నంబరు, గొడవ పెడుతున్న మోడల్‌లో ఎనిమిదో నంబరు పక్కపక్కన పెట్టి, లోపలి అట్టలు బయటికి తీసి స్కేలుతో కొలవండి. మొదటిది 27.5 సెంటీమీటర్లు, రెండోది 26.9 ఉందంటే దొంగ దొరికినట్టే. ఆరు మిల్లీమీటర్లంటే ముప్పావు నంబరుకు దగ్గర.

అప్పుడు అన్ని మోడళ్లకూ ఒకే పట్టిక పెట్టడం మానేసి, ఆ మోడల్ పేజీలో ‘ఒక నంబరు పెద్దది తీసుకోండి’ అని పైనే రాయాలి. కింద పాదం పొడవు సెంటీమీటర్లలో ఇవ్వాలి. కాగితం గోడకు ఆనించి, దాని మీద మడమ గోడకు తగిలేలా నిలబడి, అన్నిటికన్నా పొడుగు వేలి దగ్గర గీత గీయమనాలి. రెండు కాళ్లూ కొలవాలి, పెద్దదే లెక్క. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కనుక అప్పుడు కొలిస్తే మేలు.

దీంతో 15 బిగుతు వాపసులు 5కు దిగితే, మొత్తం వాపసులు 14 అవుతాయి. మిగిలేది 6,840 నుంచి 10,240కి పెరుగుతుంది.

అయితే పొడవు సరిపోయినా వెడల్పు చాలకపోతే ఈ మందు పనిచేయదు. నంబరు పెంచితే వేళ్లకు చోటొస్తుంది గానీ మడమ జారుతుంది. అందుకే బిగుతు అన్నవాళ్లలో పదిమందికైనా ఫోన్ చేసి, “ఎక్కడ పట్టేసిందండీ, ముందు వేళ్లకా, పక్కలకా?” అని అడగాలి. పక్కలకు అన్నవాళ్లే ఎక్కువైతే తయారీదారుతో మాట్లాడి వెడల్పాటి లాస్ట్ మీద కుట్టించాలి. కొత్త సరుకు దిగినప్పుడల్లా నంబరుకు ఒక జత చొప్పున మళ్లీ కొలవాలి. తయారీదారు లోపం సరిచేసి పంపాక కూడా ‘పెద్దది తీసుకోండి’ అన్న మాట పేజీలో ఉండిపోతే, ఈసారి వాపసులన్నీ ‘వదులు’ అంటూ వస్తాయి.