ఎక్కుడు కిలోమీటరు పొడవెంత?

2011 ఏప్రిల్‌లో జరిగిన బోస్టన్ మారథాన్‌ను కెన్యా రన్నర్ జెఫ్రీ ముతాయ్ 2 గంటల 3 నిమిషాల 2 సెకన్లలో ముగించాడు. అప్పటి ప్రపంచ రికార్డు కంటే అది 57 సెకన్లు తక్కువ. అయినా రికార్డుగా నమోదు కాలేదు. హాప్కింటన్ అనే ఊళ్లో మొదలై బోస్టన్ నగరం నడిబొడ్డున ముగిసే ఆ దారి, మొత్తం మీద చూస్తే దాదాపు 140 మీటర్లు కిందికి దిగుతుంది. రికార్డు చెల్లాలంటే కిలోమీటరుకు సగటున ఒక మీటరుకు మించి దిగకూడదు. పరుగు మొదలైన చోటికీ ముగిసిన చోటికీ మధ్య దూరం మొత్తం దూరంలో సగం దాటకూడదు. బోస్టన్ ఈ రెండు నియమాలకూ లొంగదు. పైగా ఆ రోజు వెనుక నుంచి గాలి కూడా తోసింది.

రికార్డులు చూసేవాళ్లు చెల్లుతుందనో, చెల్లదనో చెప్పేస్తే సరిపోతుంది. రోజూ పొద్దున్నే రోడ్డెక్కే మామూలు రన్నర్‌కు అది చాలదు. సోమవారం చదును రోడ్డు మీద, గురువారం ఘాట్ రోడ్డు మీద పరుగెత్తినవాళ్లకు, ఏ రోజు ఎక్కువ కష్టపడ్డారో తెలియాలి. ఆ లెక్క పేరే గ్రేడ్ అడ్జస్టెడ్ పేస్. యాప్‌లో GAP అని కనిపిస్తుంది. కిలోమీటరుకు పట్టిన సమయాన్ని పేస్ అంటారు కదా. వాలు మీద పెట్టిన శ్రమనే చదును నేల మీద పెట్టి ఉంటే ఆ పేస్ ఎంత ఉండేదో ఇది అంచనా వేస్తుంది.

రెండు పరుగులు, ఒక లెక్క

విశాఖలో ఉండే రన్నర్ ఒకరిని ఊహించుకుందాం. బీచ్ రోడ్డులో చదునుగా ఉన్నచోట 8 కిలోమీటర్లు 48 నిమిషాల్లో పరుగెత్తారు. అంటే కిలోమీటరుకు సరిగ్గా 6 నిమిషాలు. మరో రోజు కొండ దారి పట్టారు. మొదట 2 కిలోమీటర్లు చదును. తర్వాత 3 కిలోమీటర్ల ఎక్కుడు, ప్రతి వంద మీటర్లకు 5 మీటర్ల ఎత్తు. అంటే 5 శాతం వాలు. తిరిగి అదే 3 కిలోమీటర్లు దిగుడు. చదునుకు 12 నిమిషాలు, ఎక్కడానికి 22, దిగడానికి 17 పట్టింది. మొత్తం 51 నిమిషాలు. సగటు పేస్ 6 నిమిషాల 22 సెకన్లు. వాచీ మాట నమ్మితే రెండో రోజు కాస్త బద్ధకించినట్టే.

ఇప్పుడు వాలును లెక్కలోకి తీసుకుందాం. ఇటలీ శరీరశాస్త్రవేత్త అల్బెర్తో మినెట్టి బృందం 2002లో ఒక అధ్యయనం ప్రచురించింది. కొండ పరుగులో ఆరితేరిన పదిమందిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, ఎగువకు 45 శాతం వాలు నుంచి దిగువకు 45 శాతం దాకా మారుస్తూ, వాళ్లు పీల్చుకునే ఆక్సిజన్‌ను కొలిచారు. దాన్నిబట్టి ఏ వాలు మీద ఒక మీటరు పరుగెత్తడానికి ఎంత శక్తి ఖర్చవుతుందో సమీకరణం రాశారు. దాని ప్రకారం 5 శాతం ఎక్కుడులో ఖర్చు చదును కంటే 1.3 రెట్లు. అదే వాలు దిగేటప్పుడు చదునులో అయ్యేదానికి 0.76 వంతు.

కాబట్టి మన రన్నర్ ఎక్కిన 3 కిలోమీటర్లు, శ్రమలో 3.9 కిలోమీటర్ల చదునుతో సమానం. దిగిన 3 కిలోమీటర్లు దాదాపు 2.3 కిలోమీటర్లకే సమానం. మొదటి రెండూ కలిపితే 8.18 కిలోమీటర్లు. 51 నిమిషాలను దానితో భాగిస్తే 6 నిమిషాల 14 సెకన్లు వస్తుంది. వాచీ చూపిన లోటులో మూడో వంతుకు పైగా కొండే మింగేసిందన్నమాట.

అసలు విషయం ఈ సగటులో లేదు, ముక్కలుగా విడదీస్తే బయటపడుతుంది. ఎక్కేటప్పుడు కిలోమీటరుకు 7 నిమిషాల 20 సెకన్లు పట్టింది. దాన్ని 1.3తో భాగిస్తే 5 నిమిషాల 38 సెకన్లు. అంటే నెమ్మదిగా పోతున్నాననుకున్న చోటే ఆయన బీచ్ రోడ్డు కంటే గట్టిగా శ్రమించారు. దిగేటప్పుడు పట్టిన 5 నిమిషాల 40 సెకన్లు మాత్రం చదునులో 7 నిమిషాల 27 సెకన్ల నింపాది పరుగుతో సమానం. ఆ రోజు లక్ష్యం రోజువారీ 6 నిమిషాల శ్రమే అయితే, ఎక్కుడులో 6 నిమిషాలను 1.3తో గుణించి, 7 నిమిషాల 48 సెకన్లకు దిగి ఉండాల్సింది. లక్ష్యం పెట్టుకునేటప్పుడు గుణించాలి, పరుగయ్యాక పోల్చుకునేటప్పుడు భాగించాలి. లెక్కంతా అంతే.

దిగుడు దగ్గర తిరకాసు

మరి దిగేటప్పుడు 6 నిమిషాలను 0.76తో గుణించి 4 నిమిషాల 34 సెకన్ల పేస్‌తో దూసుకుపోవాలా? ప్రయత్నించినవాళ్లకు తెలుస్తుంది, ఊపిరికి అది తేలికే, కాళ్లకు కాదు. పల్లంలో ప్రతి అడుగుకూ తొడ ముందు కండరం సాగుతూనే ఒంటి బరువును ఆపాలి. బ్రేకు వేస్తూ బండి దించడం లాంటిదే. ఈ పనికి ఆక్సిజన్ తక్కువే పడుతుంది గానీ కండరం లోపల దెబ్బతింటుంది. మర్నాడు మెట్లు దిగేటప్పుడు పట్టేసే తొడలే అందుకు సాక్ష్యం. మినెట్టి కొలిచింది ఆక్సిజన్‌ను. ఆయన సమీకరణంలో అన్నిటికంటే చవకైన పరుగు 20 శాతం పల్లం దగ్గర వస్తుంది. అంతటి పల్లంలో ఆ ఆదాను వేగంగా మార్చుకోవడం మామూలు రన్నర్‌కు సాధ్యం కాదు.

అందుకే రన్నర్లు ఎక్కువగా వాడే స్ట్రావా యాప్ 2017లో తన సూత్రాన్ని మార్చుకుంది. ప్రయోగశాల లెక్కను పక్కనపెట్టి, తన వాడుకదారులు నిజమైన దారుల్లో పరుగెత్తినప్పుడు నమోదైన గుండె వేగాల నుంచి కొత్త గీత గీసింది. అందులో దిగుడు వల్ల వచ్చే లాభం సుమారు 10 శాతం వాలు దగ్గరే తారస్థాయికి చేరి, ఆ తర్వాత తగ్గిపోతుంది. లాభం మొత్తం కూడా మినెట్టి లెక్క కంటే బాగా తక్కువ.

ఈ తేడా ఏం చేస్తుందో బోస్టన్ దారే చూపిస్తుంది. అక్కడ పేరుమోసిన హార్ట్‌బ్రేక్ హిల్ 32వ కిలోమీటరు దాటాక వస్తుంది. పేరుకు గుండెలు బద్దలు చేసే కొండే గానీ, దాదాపు 640 మీటర్ల దూరంలో 27 మీటర్లే ఎక్కుతుంది. సగటు వాలు నాలుగు శాతం పైచిలుకు. మినెట్టి లెక్కలో ఖర్చు 1.25 రెట్లు. 6 నిమిషాల పేస్‌తో వచ్చే రన్నర్ శ్రమ పెంచకుండా ఎక్కితే, ఆ ఎక్కుడు మొత్తం మీద పోయేది ఒక్క నిమిషం లోపే. నిమిషం కోసం గుండెలు ఎందుకు బద్దలవుతాయి? మొదటి కిలోమీటర్ల పల్లాల్లో పేస్ ఉచితంగా వస్తోందని కాళ్లు వదిలేసినవాళ్ల తొడలు అక్కడికి వచ్చేసరికి పనికిరాకుండా పోతాయి గనుక. ఏ జీఏపీ సూత్రానికీ వెనుక దిగివచ్చిన పల్లాలు గుర్తుండవు. కాళ్ల కింద ఇప్పుడున్న వాలు ఒక్కటే దానికి తెలుసు.

ఎవరి గుణకం వారిదే

ఎక్కుడు విషయంలోనైనా అందరూ ఒక్క మాట మీద ఉన్నారా అంటే అదీ లేదు. ట్రెడ్‌మిల్ పరీక్షల కోసం అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ ఇచ్చిన సూత్రంతో లెక్కిస్తే, 5 శాతం ఎక్కుడుకు గుణకం 1.3 కాదు, సుమారు 1.22. దాని ప్రకారం 6 నిమిషాల శ్రమకు కొండ మీది లక్ష్యం 7 నిమిషాల 21 సెకన్లు. మన విశాఖ రన్నర్ పరుగెత్తింది 7 నిమిషాల 20 సెకన్లతో! ఒక సూత్రం ఆయన అతి చేశారంటుంది, మరొకటి కొలిచినట్టు ఎక్కారంటుంది. ఒక యాప్ ఇచ్చిన జీఏపీని ఇంకో యాప్ ఇచ్చిన దానితో పోల్చకూడదనడానికి ఇదే కారణం.

తగవు తీర్చుకునే దారి ఒకటుంది. కనీసం ఐదారు నిమిషాలు ఆగకుండా ఎక్కగలిగే, వాలు ఒకేలా ఉండే రోడ్డు ఒకటి చూసుకోవాలి. వేడెక్కాక మొదట చదునులో పది నిమిషాలు స్థిరంగా పరుగెత్తి గుండె వేగం, పేస్ రాసుకోవాలి. తర్వాత అదే గుండె వేగం నిలిచేలా ఆ రోడ్డు ఎక్కాలి. మొదటి రెండు మూడు నిమిషాలు వదిలేయాలి, శ్రమ పెరిగిన వెంటనే గుండె వేగం పెరగదు, కొంత ఆలస్యంగా అందుకుంటుంది. మిగిలిన భాగపు పేస్‌ను చదును పేస్‌తో భాగిస్తే ఆ వాలుకు సొంత గుణకం వస్తుంది. చదునులో 6 నిమిషాలు, కొండ మీద 7 నిమిషాల 30 సెకన్లు అయితే గుణకం 1.25. ఇలాంటివి చల్లటి పొద్దుల్లో మూడు నాలుగుసార్లు చేసి సగటు తీసుకుంటే, ఆ రోడ్డు మీద ఏ సూత్రం కంటే అదే నమ్మదగింది. ఎండ పెరిగితే, ఉక్కపోస్తే అదే పేస్‌కు గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి చల్లటి పూట కట్టిన గుణకాన్ని మే నెల మధ్యాహ్నానికి వాడకూడదు.

యాప్ అంకె తప్పుతోందని పసిగట్టడమూ కష్టం కాదు. బయల్దేరిన చోటికే తిరిగి వచ్చిన పరుగులో మొదటి ఎత్తూ చివరి ఎత్తూ ఒకటే ఉండాలి. పది పదిహేను మీటర్ల తేడా కనిపిస్తే ఎత్తు కొలత చెడిందని అర్థం. ఆ రోజు జీఏపీని పక్కన పెట్టేయడమే మంచిది. గాలి ఒత్తిడిని బట్టి ఎత్తు కొలిచే వాచీలు ఉపగ్రహ సంకేతాల మీదే ఆధారపడేవాటి కన్నా నయం. ఫ్లైఓవర్లు ఎక్కువగా తగిలే హైదరాబాద్ మారథాన్ లాంటి దారిలో ఈ జాగ్రత్త మరీ అవసరం. ఎత్తును మ్యాపు నుంచి తీసుకునే యాప్‌కు కొన్నిసార్లు ఫ్లైఓవర్ కనబడదు, దాని కింది రోడ్డే కనబడుతుంది. రన్నర్ రొప్పుతూ ఎక్కుతుంటే తెర మీద చదును పేస్ కదులుతుంటుంది. అక్కడ లక్ష్యంగా పెట్టుకోవాల్సింది ఊపిరిని. కింద మాట్లాడగలిగినంత తేలిగ్గా ఫ్లైఓవర్ మీదా మాట్లాడగలగాలి.

మెట్ల సంగతి వేరే. అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కినవారి వాచీలోనూ యాప్ ఏదో ఒక జీఏపీ చూపించే తీరుతుంది. నునుపైన వాలు మీద పరుగు కోసం కట్టిన సూత్రం అది. మెట్ల మీద నడిచి వెళ్లినవారు ఆ అంకెను బీచ్ రోడ్డు పరుగుతో పోల్చకూడదు. ఎక్కడానికి ఎంతసేపు పట్టిందో రాసుకుని, వచ్చేసారి అదే మెట్ల మీద పట్టిన సమయంతో పోల్చుకోవాలి.