శ్లాబు గీత మీద లెక్క తప్పకుండా

జీతం పెరిగి ఆదాయం పై శ్లాబులోకి వెళ్తే మొత్తం ఆదాయం మీద ఎక్కువ రేటు పడుతుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. గీత దాటిన భాగానికే కొత్త రేటు, కింది భాగానికి పాత రేట్లే. కానీ ఎక్సెల్‌లో సొంతంగా షీటు తయారు చేసుకునేవాళ్ల సూత్రాల్లో ఇదే అపోహ తరచుగా దూరిపోతుంది. ఆదాయానికి తగిన రేటును పట్టికలో వెతికి, దానితో మొత్తం ఆదాయాన్ని గుణించేస్తారు. 8,00,000 ఆదాయానికి 20,000 రావలసిన పన్ను ఆ సూత్రంలో 80,000 అవుతుంది.

2025-26 ఆర్థిక సంవత్సరపు కొత్త విధానాన్నే ఉదాహరణగా తీసుకుందాం. మొదటి 4 లక్షలకు పన్ను లేదు. ఆపైన ప్రతి 4 లక్షలకూ రేటు 5, 10, 15, 20, 25 శాతంగా పెరుగుతూ, 24 లక్షలు దాటిన భాగానికి 30 శాతం అవుతుంది. దీన్ని షీటులో A, B, C అనే మూడు నిలువు వరుసలుగా, రెండో అడ్డు వరుస నుంచి రాసుకోవాలి.

```
A         B        C
0         0        0%
400000    0        5%
800000    20000    10%
1200000   60000    15%
1600000   120000   20%
2000000   200000   25%
2400000   300000   30%
```

A లో ఉన్నది శ్లాబు మొదలయ్యే అంకె. C లో ఉన్నది ఆ శ్లాబు రేటు. ఈ పద్ధతికి ప్రాణం B లో ఉంది: ఆ గీత దాకా వచ్చేసరికి అప్పటికే కట్టవలసిన పన్ను మొత్తం అది. దాన్ని చేత్తో టైపు చేయకుండా B2 లో సున్నా వేసి, B3 లో కింది సూత్రం రాసి కిందికి లాగండి. రేపు శ్లాబులు మారితే A, C మార్చితే చాలు, B తనంతట తానే సరిపోతుంది.

```
=B2+(A3-A2)*C2
```

పన్ను విధించదగిన ఆదాయం E2 లో ఉందనుకుంటే, F2 లో పన్ను సూత్రం ఇది:

```
=VLOOKUP(E2,$A$2:$C$8,2,TRUE)
 +(E2-VLOOKUP(E2,$A$2:$C$8,1,TRUE))
 *VLOOKUP(E2,$A$2:$C$8,3,TRUE)
```

మొదటి భాగం గీత దాకా ఉన్న పన్నును తెస్తుంది. రెండోది ఆ గీత మీద మిగిలిన ఆదాయాన్ని లెక్కిస్తుంది. మూడోది రేటు తెస్తుంది. చివర్లో ఉన్న TRUE అనే మాట వల్ల మన ఆదాయానికి మించని అంకెల్లో పెద్దదాన్ని ఎక్సెల్ పట్టుకుంటుంది. అక్కడ FALSE రాస్తే అచ్చంగా అదే అంకె కోసం వెతుకుతుంది. 8,50,000 పట్టికలో లేదు కాబట్టి #N/A వస్తుంది. TRUE పని చేయాలంటే A వరుస చిన్న అంకె నుంచి పెద్ద అంకెకు క్రమంలో ఉండాలి. క్రమం తప్పితే ఎక్సెల్ తప్పు అని చెప్పదు, మరో వరుసను తెచ్చి చూపిస్తుంది. శ్లాబు ముగిసే అంకెను A లో రాసినా ఇంతే. 5 లక్షల ఆదాయానికి ‘4 లక్షల వరకు’ అనే వరుస దొరికి పన్ను సున్నా అని చూపిస్తుంది.

ఇప్పుడు గీత సంగతి. సరిగ్గా 8,00,000 ఆదాయం ఏ శ్లాబులోది? చట్టం ప్రకారం 5 శాతం శ్లాబులోది, మన సూత్రం మాత్రం 10 శాతం వరుసను పట్టుకుంటుంది. అయినా జవాబు మారదు. కింది వరుసతో 4 లక్షల మీద 5 శాతం, అంటే 20,000. పై వరుసతో 20,000 కు తోడు సున్నా రూపాయల మీద 10 శాతం. అదీ 20,000. B వరుస ఉన్నందువల్ల రెండు శ్లాబులూ గీత దగ్గర ఒకే జవాబులో కలుస్తాయి.

ఈ సంగతి తెలియక చాలామంది చట్టంలోని పట్టికను చూసి 4,00,001, 8,00,001 అని టైపు చేస్తారు. దాంతో ప్రతి లెక్కలోనూ గీత మీది ఆదాయం ఒక రూపాయి తగ్గుతుంది. 13,00,000 కు 75,000 రావలసింది 74,999.85 వస్తుంది. పోయేది పైసలే అయినా, చివర్లో పన్నును పది రూపాయలకు సవరించేటప్పుడు ఆ పైసల వల్ల ఒక్కోసారి పది రూపాయల తేడా పడుతుంది. A లో ఎప్పుడూ గుండు అంకెలే ఉండాలి.

శ్లాబు గీతల దగ్గర ఇలా మెత్తగా సాగే లెక్క 12 లక్షల దగ్గర ఆగిపోతుంది. అక్కడ రేటు మారడమే కాదు, సెక్షన్ 87ఎ రాయితీ కూడా ముగుస్తుంది. ఆదాయం 12,00,000 దాకా ఉంటే 60,000 పన్ను మొత్తం మాఫీ. ఇక్కడ <= బదులు < రాస్తే సరిగ్గా 12 లక్షల ఆదాయం ఉన్నవారికి షీటు 60,000 పన్ను చూపిస్తుంది. సరిగ్గా రాసినా, పది రూపాయలు దాటినవారికి 60,000 పైగా పడుతుంది. ఆ అన్యాయం జరగకుండానే చట్టం మార్జినల్ రిలీఫ్ ఇచ్చింది: 12 లక్షల మీద ఎంత ఎక్కువ సంపాదించారో, సెస్సుకు ముందు పన్ను అంతకు మించకూడదు. దీన్ని G2 లో ఇలా రాయవచ్చు:

```
=MAX(0,MIN(F2,E2-1200000))
```

ఆదాయం 12 లక్షలకు లోపు ఉంటే తీసివేత రుణ సంఖ్య అవుతుంది, MAX దాన్ని సున్నా చేస్తుంది. సరిగ్గా 12 లక్షలకూ సున్నాయే. కాబట్టి < రాయాలా, <= రాయాలా అన్న ప్రశ్నే రాదు.

ఫిబ్రవరి బిల్లుకు ముందు ఆదాయపు పన్ను లెక్కలు వేసుకుంటున్న ఒక ఉపాధ్యాయురాలి జీతం 12,85,000 అనుకుందాం. ప్రామాణిక తగ్గింపు 75,000 పోతే 12,10,000. F2 లో 61,500 వస్తుంది: గీత దాకా 60,000, మిగిలిన 10,000 మీద 15 శాతం చొప్పున 1,500. G2 లో అది 10,000 కు దిగుతుంది. 4 శాతం సెస్సు 400 కలిపితే కట్టవలసింది 10,400. రిలీఫ్ లేని షీటు ఆమెతో 63,960 కట్టిస్తుంది. ఆదాయం సుమారు 12,70,588 చేరాక రిలీఫ్ ముగిసి, రెండు అంకెలూ ఒకటవుతాయి.

12 లక్షల దగ్గర రూపాయి కూడా ముఖ్యమే కాబట్టి ఆదాయాన్ని ముందే పది రూపాయలకు సవరించాలి. చట్టం చెప్పే సవరణ కూడా అదే. లెక్క వేసిన ఆదాయం D2 లో ఉంటే E2 లో ఇది చాలు. 12,00,004 అప్పుడు 12,00,000 అవుతుంది, 12,00,005 మాత్రం 12,00,010 అవుతుంది.

```
=ROUND(D2,-1)
```

షీటు సరైనదో కాదో తేల్చడానికి ప్రతి గీతకూ మూడు అంకెలు వేసి F2 చూడండి. 7,99,990 కు 19,999.50, 8,00,000 కు 20,000, 8,00,010 కు 20,001 రావాలి. గీత ముందు పది రూపాయలకు అర్ధ రూపాయి, దాటాక ఒక రూపాయి పెరిగింది. అంతకు మించి ఎగిరితే పట్టికలో తప్పు ఉన్నట్టే. వేరే ఫైలు నుంచి తెచ్చి అతికించిన అంకెలు కొన్నిసార్లు అక్షరాలుగా ఉండిపోయి గడిలో ఎడమ వైపు అంటుకుంటాయి. =COUNT(A2:A8) కి 7 రాకపోతే కారణం అదే.

ఈ షీటు జీతం, వడ్డీ లాంటి మామూలు ఆదాయాలున్న దేశవాసులకు సరిపోతుంది. షేర్ల లాభాల వంటి ప్రత్యేక రేటు ఆదాయాలకు 87ఎ రాయితీ వర్తించదు కాబట్టి వాటిని విడిగా లెక్కించాలి. 50 లక్షలు దాటితే పన్ను మీద 10 శాతం సర్‌చార్జి పడుతుంది, అక్కడా మార్జినల్ రిలీఫ్ ఉంది. అందుకే షీటులో కొత్త గీత చేర్చే ముందు ఒక ప్రశ్న వేసుకోవాలి: ఇది దాటిన భాగానికి రేటు మారుస్తుందా, లేక మొత్తం లెక్కనే మారుస్తుందా? మొదటిదైతే పట్టికలో ఒక వరుస చాలు. రెండోదైతే దానికి విడిగా ఒక గడి, ఒక MIN కావాలి.