ఎండిన బోరు పాటకు పన్నెండు బార్లు

సోమందేపల్లె నుంచి ఒక కీబోర్డు వాద్యకారుడు అడిగిన ప్రశ్న ఇది: "ఆదివారాలు ప్రార్థనలో వాయిస్తాను. సి, ఎఫ్, జి కార్డులు చేతికి బాగా అలవాటు. బోర్లు ఎండిపోవడం మీద ఒక పాట మొదలుపెట్టాను, దాన్ని బ్లూస్‌లో కట్టాలని ఉంది. పన్నెండు బార్లే ఎందుకు? సెవెంత్ కార్డులు ఎందుకు? టర్నరౌండ్ ఎలా వేయాలి?" దాంతోపాటు ఆయన రాసుకున్న రెండు పాదాలు పంపారు:

వెయ్యడుగుల బోరు ఏసినా దుమ్మే లేసె గాని నీళ్లు రాలే
మూడెకరాల శెనక్కాయ ఎండె, బెంగుళూరు బస్సెక్కక తప్పలే

ఈ వస్తువుకు బ్లూస్‌లో ముందే చోటుంది. 1930లో మిసిసిపీ ప్రాంతం కరువుతో ఎండిపోయింది. అదే ఏడు ఛార్లీ ప్యాటన్, సన్ హౌస్ అనే ఇద్దరు గాయకులు ఉత్తరాన విస్కాన్సిన్‌లోని గ్రాఫ్టన్‌కు వెళ్లి పారమౌంట్ కంపెనీకి రికార్డులు ఇచ్చారు. ప్యాటన్ పాడిన వాటిలో 'డ్రై వెల్ బ్లూస్' లూలా అనే చిన్న ఊళ్లో బావులు ఎండిపోవడం గురించి. సన్ హౌస్ పాడిన 'డ్రై స్పెల్ బ్లూస్' కరువు గురించే. అప్పటి రికార్డు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పట్టేది, ఆ పాట రెండు వైపులా సాగింది.

పన్నెండే ఎందుకు?

లెక్క మాటల నుంచి వచ్చింది. బ్లూస్ చరణంలో ఒక పాదం పాడతారు, అదే పాదాన్ని మళ్లీ పాడతారు, మూడోసారి దానికి జవాబుగా మరో పాదం. మీరు రాసింది రెండు పాదాలే అయినా చరణానికి సరిపోయింది: బోరు పాదం రెండుసార్లు, బస్సు పాదం ఒకసారి. ఒక్కో పాదానికి నాలుగు బార్లు. అందులో గొంతుకు దాదాపు రెండు, మిగతా రెండు వాయిద్యానివి. మూడు నాలుగులు పన్నెండు.

ఒక్కో బార్‌లో నాలుగు దెబ్బలు కాబట్టి చరణం మొత్తం 48 దెబ్బలు. ఆది తాళంలో వేస్తే సరిగ్గా ఆరు ఆవర్తాలు, పాదానికి రెండు. నడక మాత్రం తిశ్రం. ప్రతి దెబ్బలో 'తకిట' అనుకుని, మధ్యలోని 'కి' మింగేసి 'త', 'ట' మాత్రమే మోగిస్తే బ్లూస్ నడక వస్తుంది. కీబోర్డులో మామూలు ఎయిట్ బీట్ పెడితే కార్డులన్నీ సరిగ్గా పడినా సినిమా పాటలాగే వినబడుతుంది, కాబట్టి షఫుల్ గానీ స్లో బ్లూస్ గానీ వెతికి పెట్టుకోండి. నిమిషానికి 72 దెబ్బల వేగం పెడితే ఒక చరణం 40 సెకన్లు.

```
| C7 | C7 | C7 | C7 |
| F7 | F7 | C7 | C7 |
| G7 | F7 | C7 | G7 |
```

రెండో వరుస చూడండి. మాటలు మారలేదు, కింద కార్డు మారింది. మొదటిసారి 'నీళ్లు రాలే' అన్నప్పుడు అది జరిగిన సంగతి చెప్పడం. ఎఫ్7 మీద అదే మాట మళ్లీ అంటే బరువు పెరుగుతుంది. మాట తిరిగి రావడాన్ని విసుగు కాకుండా కాపాడేది ఈ మార్పే. జి7 మూడో పాదానికి దాచిపెట్టింది, జవాబు అక్కడ మొదలవుతుంది కనుక.

ఈ పన్నెండు రాతిమీద చెక్కింది కాదు. డబ్ల్యూ.సి. హ్యాండీ 1912లో 'మెంఫిస్ బ్లూస్', 1914లో 'సెయింట్ లూయిస్ బ్లూస్' అచ్చు వేయించాక బ్యాండ్లకు ఈ కొలత స్థిరపడింది గానీ, ఒంటరిగా గిటార్ పట్టుకుని పాడేవాళ్లు ఊపిరి చాలినంత సాగదీసేవారు. జాన్ లీ హుకర్ అయితే తనకు తోచినప్పుడు కార్డు మార్చేవాడు. మీ పక్కన ప్యాడ్స్ వాయించే మనిషి ఉంటే ఆ స్వేచ్ఛ మొదట్లో వద్దు.

మీ బోరు పాదం కొంచెం పొడుగు. 'దుమ్మే లేసె గాని' దగ్గర ఊపిరి తీసుకుంటే అది మూడో బార్‌లోకి జారుతుంది, వాయిద్యం జవాబుకు చోటు పోతుంది. 'వెయ్యడుగుల బోరు' అనేదాన్ని మొదటి బార్‌కు కాస్త ముందే ఎత్తుకోండి, 'ఏసినా' మొదటి దెబ్బమీద పడుతుంది. 'రాలే' రెండో బార్ చివరికి ముగిసిందంటే కొలత కుదిరినట్టే.

సెవెంత్ ఎందుకు?

సి కార్డులో ఉన్నవి సి, ఇ, జి. సి మీ షడ్జమం అనుకుంటే స, అంతర గాంధారం, పంచమం. దీనికి బి ఫ్లాట్, అంటే కైశికి నిషాదం కలిపితే సి7. ఇక్కడ చాలామంది తెల్లమెట్టు బి నొక్కేస్తారు. అది కాకలి నిషాదం, ఆ కార్డు వేరు. పట్టుకోవడం తేలిక: కార్డు మెత్తగా, ప్రేమపాట మొదలవబోతున్నట్టు వినబడితే తప్పు నిషాదం నొక్కారన్నమాట. పై షడ్జమం నుంచి రెండు మెట్లు, నల్లవి కూడా లెక్కపెట్టుకుని, కిందికి దిగితే సరైన నిషాదం దొరుకుతుంది.

మీరు ప్రార్థన పాటల్లో జి7 వేసే ఉంటారు. అక్కడ దాని పని మిమ్మల్ని సి దగ్గరికి చేర్చడం, చేరాక సి సాదాగా ఉంటుంది. బ్లూస్‌లో ఇంటి కార్డుకే సెవెంత్ తగిలిస్తారు. దాంతో చేరిన చోట కూడా పూర్తి విశ్రాంతి ఉండదు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల నల్లజాతి గాయకుల గొంతులో గాంధారం, నిషాదం పాశ్చాత్య మెట్లకు ఒదగకుండా కొంచెం దిగి పలికేవి. ఆ నిషాదాన్ని కార్డులో ఇరికించుకుంటే దొరికేది సెవెంతే.

వేళ్ల సంగతికి వద్దాం, అసలు మజా ఇక్కడుంది. నాలుగు స్వరాలూ నొక్కనక్కర్లేదు. ఎడమచేత్తో కింద సి ఒక్కటే. కుడిచేత్తో రెండే రెండు: మధ్య సికి కాస్త కింద బి ఫ్లాట్, కాస్త పైన ఇ. సి7కు ఇది చాలు. ఇప్పుడు ఆ రెండు వేళ్లనూ ఒక్కో మెట్టు కిందికి జరపండి: ఎ, ఇ ఫ్లాట్. ఎడమచేయి ఎఫ్ పట్టుకుంటే అది ఎఫ్7. మళ్లీ సి7 దగ్గరికి వచ్చి, రెండు వేళ్లనూ ఒక్కో మెట్టు పైకి జరపండి: బి, ఎఫ్. ఎడమచేయి జి మీదికి వెళ్తే జి7. పన్నెండు బార్లూ కుడిచేయి ఇంతకుమించి కదలదు.

ఒక హెచ్చరిక. కీబోర్డులో ఆటో అకంపనిమెంట్ ఆన్‌లో ఉంటే ఈ రెండు, మూడు స్వరాల్ని అది వేరే కార్డుగా చదవొచ్చు. దాన్ని ఆపేసి డ్రమ్స్ మాత్రం ఉంచుకోండి.

ఆ వేళ్లలో ఒకటి గాంధారం మీద ఉందని గమనించారా? సి7లో అంతర గాంధారం, ఎఫ్7 రాగానే సాధారణ గాంధారం. పాడేటప్పుడు దీన్ని తెలిసి పాడాలి. మొదటి పాదంలో మీ గొంతు ఈ రెండు గాంధారాల మధ్య ఎక్కడ ఆడినా బ్లూస్‌కు చెల్లుతుంది, సి7 మీద సాధారణ గాంధారం గీరినట్టు పలికినా అదే కావాలి. ఎఫ్7 మీద అంతర గాంధారం పట్టుకుని నిలిస్తే మాత్రం చేతికీ గొంతుకూ తగువే. రెండో వరుస ఎందుకో అపశ్రుతిగా ఉందనిపిస్తే ముందు అక్కడ చూడండి.

ఇవే కార్డుల్ని మార్చేదెలా?

మొదటి చరణానికి నా సలహా: మొదటి మూడు బార్లు సాదా సి, నాలుగో బార్‌లో మాత్రమే సి7. అప్పుడు ఆ నిషాదం కొత్తగా వినబడుతుంది, వెంటనే ఎఫ్7లోని ఎ మీదికి ఒక మెట్టు దిగుతుంది. వినేవాడి చెవిని రెండో పాదానికి లాక్కెళ్లేది ఆ ఒక్క మెట్టే.

రెండో చరణం నుంచి ఇంకో మార్పు చేయొచ్చు. రెండో బార్‌లో సి7 బదులు ఎఫ్7 వేసి, మూడో బార్‌లో వెనక్కి రావాలి. దీన్ని క్విక్ చేంజ్ అంటారు. మొదటి పాదం నిలబడిపోకుండా కదులుతుంది. మొదటి చరణంలోనే వేస్తే మాత్రం రెండో వరుసలో ఎఫ్7 దెబ్బ పలచబడుతుంది, అందుకే నేను ఆపమంటాను. జాజ్‌వాళ్లు ఎనిమిదో బార్‌లో ఎ7, ఆ తర్వాత డి మైనర్ సెవెన్, జి7 వేస్తారు. వినడానికి బాగుంటుంది గానీ, దుమ్ము లేచే పాటకు అది ఇస్త్రీ చొక్కా.

టర్నరౌండ్ చేసే పని

పన్నెండో బార్‌లో సి మీదే ఆగిపోతే పాట అయిపోయిందనుకుంటారు. అందుకే ఆ బార్‌లో జి7 వేసి మళ్లీ మొదటికి తోస్తాం. ఇది అతి సాదా టర్నరౌండ్. పదకొండో బార్ నుంచి ఎడమచేతిని మెట్లు దింపుతూ వస్తే ఇంకా బలంగా ఉంటుంది:

```
| C  C7/Bb  F/A  Fm/Ab | C/G  G7  G7  G7 |
```

గీతకు ముందున్నది కుడిచేతి కార్డు, తర్వాతది ఎడమచేతి స్వరం. మొదటి బార్‌లో దెబ్బకొకటి మారుతుంది. ఎడమచేయి స, కైశికి ని, చతుశ్రుతి ధ, శుద్ధ ధ అని దిగి, తర్వాతి బార్‌లో ప మీద ఆగుతుంది. నాలుగో దెబ్బ దగ్గర జాగ్రత్త. కుడిచేతిలో ఎఫ్ మేజర్ అలాగే ఉండిపోతే రెండు ధైవతాలు ఒకేసారి మోగి కరుగ్గా ఉంటుంది. అక్కడ ఎఫ్ మైనర్ తప్పదు.

ఈ రెండు బార్లూ చేతులవి, గొంతువి కావు. 'తప్పలే' చివరి అక్షరం పదకొండో బార్ మొదటి దెబ్బమీద పడి ఆగిపోవాలి. అక్కడ సాగదీస్తే దిగే మెట్లు వినబడవు. టర్నరౌండ్ సరిగ్గా పడిందో లేదో ప్యాడ్స్ వాయించే మనిషిని చూస్తే తెలుస్తుంది. మీరు సైగ చేయకుండానే అతను తర్వాతి చరణం మొదటి దెబ్బను గట్టిగా కొడితే పడినట్టు.

ఇక చివరి చరణం. పదకొండో బార్‌లో మెట్లు మామూలుగానే దింపండి. పన్నెండో బార్ మొదటి దెబ్బకు సి/జి వేసి, రెండో దెబ్బకు కుడిచేతి రెండు వేళ్లను జి7 స్థానంలోనే, బి, ఎఫ్ మీద పెట్టండి. ఎడమచేతిని మాత్రం జి మీదికి పోనివ్వక, సి పక్కనే ఉన్న నల్లమెట్టు డి ఫ్లాట్ నొక్కండి. జి7లో, డి ఫ్లాట్ సెవెన్‌లో ఆ రెండు స్వరాలు ఒకటే కాబట్టి కుడిచేతికి కొత్త పనేమీ లేదు. పొట్టిగా వదిలేసి, మూడో దెబ్బకు రెండు చేతుల్నీ ఒక్కో మెట్టు కిందికి జార్చండి. సి7 వస్తుంది, సెవెంత్ తీసేయకుండా దాన్ని అలాగే మోగనివ్వండి.