వార్తల్లో పదం: పోంజీ

కొత్తగా చేరినవాళ్ల సొమ్ముతో పాతవాళ్లకు చెల్లిస్తూ పోయే పథకమే పోంజీ. కర్నూలు, నంద్యాల ప్రాంతంలో పేరున్న కేశవరెడ్డి పాఠశాలలు ఫీజుకు బదులు డిపాజిట్ తీసుకుని, చదువయ్యాక వాపసిస్తామన్నాయి. చెల్లించలేదన్న ఫిర్యాదులపై 2015లో యజమానిని అరెస్టు చేశారు.

ఇలాంటి పథకాన్ని లెక్కేసి చూడండి. 2 లక్షలు కడితే, 8 శాతం చొప్పున ఏడాదికి వచ్చే వడ్డీ 16 వేలు. హాస్టల్ తిండికే అది చాలదు! మిగతాది కొత్త డిపాజిట్ల నుంచి రావాల్సిందే. అడ్మిషన్లు తగ్గితే వాపసు ఆగుతుంది.

మీ రిటైర్మెంటు డబ్బు కోసం ఇలాంటి పథకంతో ఏజెంటు వస్తే, రాబడి ఏ వ్యాపారంలోంచి వస్తుందో అడగండి. మొదటి నెలల్లో ఠంచనుగా వచ్చే వడ్డీ రుజువు కాదు, అది మీ అసలే కావచ్చు. గడువు తీరాక డబ్బివ్వకుండా మళ్లీ అందులోనే పెట్టమంటే అనుమానించాల్సిందే. ఫిర్యాదుకు రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్ sachet.rbi.org.in ఉంది.