ఈరోజు కనిపించే మొటిమకు రెండు నెలల వయసు

విజయవాడలో ఇంటర్ మొదటి సంవత్సరం చదివే పదహారేళ్ల అమ్మాయి కథ ఇది. కరోనా భయం పోయి ఏళ్లు గడిచినా కాలేజీలో మాస్కు తీయదు. ఎవరైనా అడిగితే డస్ట్ ఎలర్జీ అంటుంది. మధ్యాహ్నం అందరూ తిని లేచాక, ఓ మూల కూర్చుని క్యారేజీ విప్పుతుంది. మాస్కు కింద గడ్డం నిండా, బుగ్గల మీద ఎర్రటి మొటిమలు.

తల్లి "వేడి చేసిందే" అంటూ మజ్జిగ ఎక్కువ ఇచ్చింది, పసుపు రాసింది. మందుల షాపులో అడిగితే చీటీ లేకుండానే ఒక ట్యూబు ఇచ్చారు. వారంలో ఎరుపు తగ్గింది, ఇంట్లో అందరికీ ప్రాణం లేచొచ్చింది. ట్యూబు అయిపోయిన కొద్దిరోజులకే అంతకు రెట్టింపు లేచాయి. అందులో ఉన్నది స్టెరాయిడ్. అది వాపునూ ఎరుపునూ అణచిపెడుతుంది గానీ మొటిమ పుట్టే కారణాన్ని తాకదు. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, అదే కొత్త మొటిమలు తెస్తుంది. ముఖానికి రాసే ఏ ట్యూబు మీదైనా బీటామెథాసోన్, క్లోబెటసాల్, మొమెటాసోన్ అన్న పేర్లు ఉంటే డాక్టరు చెప్పకుండా వాడకూడదు.

చివరికి చర్మ వైద్యురాలి దగ్గరికి వెళ్లారు. తల్లి మొదటి ప్రశ్న: "ఎన్ని రోజుల్లో తగ్గుతాయి డాక్టరు గారూ?"

"రోజులు కాదమ్మా, మూడు నెలలు ఆగి చూద్దాం."

ఎందుకంత కాలం? వెంట్రుక మొదట్లో ఉండే సన్నని రంధ్రంలో మృతకణాలు, జిడ్డు కలిసి మొదట చిన్న అడ్డు కడతాయి. అది కంటికి కనిపించదు. అక్కడ బాక్టీరియా పెరిగి, వాచి, ఎర్రగా పైకి తేలడానికి వారాలు, ఒక్కోసారి రెండు నెలలు పడుతుంది. అంటే నున్నగా కనిపిస్తున్న చోట కూడా రాబోయే మొటిమలు ఇప్పటికే తయారవుతున్నాయి. మందు ముఖ్యంగా పనిచేసేది వాటి మీద. అందుకే మొటిమ ఉన్నచోట చుక్క పెడితే చాలదు, ముఖమంతా రాయాలి.

ఆమెకు రాసిచ్చినవి రెండే. రాత్రి ముఖం కడిగి, పూర్తిగా ఆరాక, బఠాణీ గింజంత అడాపలీన్ జెల్ ముఖమంతటికీ. మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు. పొద్దున 2.5 శాతం బెంజాయిల్ పెరాక్సైడ్. ఇది తువ్వాళ్ల, దిండు గలీబుల రంగు పోగొడుతుంది కాబట్టి తెల్లవి వాడమన్నారు. పైన సన్‌స్క్రీన్. మాస్కును పూర్తిగా మానమని ఆవిడ అనలేదు. రాపిడి, చెమట, ఆవిరి మొటిమలను పెంచుతాయని చెప్పి, పలుచని నూలు మాస్కు పెట్టుకుని రోజూ ఉతకమన్నారు, ఒంటరిగా ఉన్నప్పుడు తీసెయ్యమన్నారు.

మూడో వారం చర్మం పొట్టు లేచింది, మంట పుట్టింది, కొత్త మొటిమలు కూడా వచ్చాయి. "అమ్మా, ఇది పడలేదు నాకు, ఆపేస్తా" అంది. చాలామంది మందు మానేసేది సరిగ్గా ఇక్కడే. కొందరిలో, లోపల దాగున్నవి తొందరగా పైకి రావడం వల్ల మొదటి వారాల్లో సంఖ్య పెరిగినట్టు ఉంటుంది. పొడిబారడమూ కొంత మామూలే. డాక్టరు మందు ఆపనివ్వలేదు. ముందు మాయిశ్చరైజర్ రాసి, దాని మీద జెల్ రాయమన్నారు. మంట ఎక్కువైతే ఒకటి రెండు రాత్రులు విరామం ఇవ్వొచ్చు. అయితే ముఖం ఉబ్బినా, పొక్కులు లేచినా అది వేరే సంగతి, వెంటనే ఆపి చూపించుకోవాలి.

రోజూ అద్దంలో వెతకడం మానేసి, నెలకోసారి అదే కిటికీ వెలుతురులో ఫోటో తీయమన్నారు. రెండో నెల ఫోటోలో కొత్తవి తక్కువ. మూడో నెలకు గడ్డం దాదాపు నున్నన. కానీ ఆ అమ్మాయికి అది కనిపించలేదు. "ఇంకా అన్నీ ఉన్నాయి కదండీ" అని ఏడ్చింది. అప్పుడు డాక్టరు ఆమె బుగ్గ మీద వేలు పెట్టించారు. చేతికి ఏమీ తగల్లేదు. మిగిలినవి మచ్చలు, మొటిమలు కావు. మన చామనఛాయ చర్మంలో వాపు తగ్గినచోట గోధుమరంగు మిగిలి, మాయడానికి ఇంకా నెలలు తీసుకుంటుంది. గిల్లితే, సన్‌స్క్రీన్ మానేస్తే మరింత ఆలస్యం. లోతుగా గుంటపడిన మచ్చలు మాత్రం వాటంతట అవి పోవు. అందుకే నొప్పితో, గట్టిగా, లోపలికి గడ్డకట్టే మొటిమలు వస్తే మూడు నెలలు ఎదురుచూడకుండా మొదట్లోనే డాక్టరును కలవాలి. వాటికి నోటి మందులు కావలసి రావచ్చు.

నాలుగో నెలలో ఆమె అడిగింది, "ఇక ఆపేయొచ్చా మేడమ్?"

"పొద్దుటి మందు ఆపెయ్యి. రాత్రి జెల్ ఇంకా కొన్నాళ్లు ఉండాలి. లోపల అడ్డు కట్టడం ఆగలేదమ్మా, మనం ఆపుతున్నాం అంతే."