ఒకే కన్ను, మూడు తీర్పులు

షుగర్ వ్యాధి ఏళ్లతరబడి అదుపు తప్పితే కంటి లోపలి తెర, అంటే రెటీనా, దెబ్బతింటుంది. దీన్ని డయాబెటిక్ రెటినోపతీ అంటారు. మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. అందుకే ప్రత్యేకమైన కెమెరాతో రెటీనాను ఫొటో తీసి, వ్యాధి ఏ మెట్టు మీద ఉందో నిపుణులు తేలుస్తారు. మెట్లు ఐదు: ఏమీ లేదు, స్వల్పం, మధ్యస్థం, తీవ్రం, కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చే దశ. సన్నటి రక్తనాళాలు ఉబ్బి చిన్న ఎర్ర చుక్కల్లా మాత్రమే కనిపిస్తే స్వల్పం. వాటిని మైక్రోఅన్యూరిజమ్‌లంటారు. వాటితోపాటు రక్తస్రావాల్లాంటివి కూడా ఉంటే మధ్యస్థం. మధ్యస్థం, ఆపైన ఉన్నవాళ్లను కంటి డాక్టరు దగ్గరకు పంపాలి.

ఈ పని కంప్యూటర్‌కు నేర్పాలంటే వేలకొద్దీ ఫొటోలు చూపించి, ఒక్కోటి ఏ మెట్టుదో చెప్పాలి. ఆ చెప్పిన మాటే లేబుల్. గూగుల్ పరిశోధకులు 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం కోసం 1,28,175 ఫొటోలకు ఇలా లేబుళ్లు వేయించారు. అమెరికాలో తీసిన ఫొటోలతోపాటు మన దేశంలోని అరవింద్, శంకర నేత్రాలయ, నారాయణ నేత్రాలయ ఆసుపత్రుల ఫొటోలూ వాడారు. ఒక్కో ఫొటోను కనీసం ముగ్గురు, గరిష్ఠంగా ఏడుగురు చూశారు. మొత్తం 54 మంది వైద్యులు పాల్గొన్నారు. అందరూ చదువుకున్నవాళ్లే, కళ్ల ఫొటోలు చూసి చెప్పడం అలవాటున్నవాళ్లే. అయినా ఒకే ఫొటోకు ఒకే మాట రాలేదు. ఒక ఫొటోను ఒకే మనిషికి రెండోసారి చూపించినా మొదటి జవాబే వస్తుందన్న హామీ లేదు. కంప్యూటర్‌కు సరైన జవాబంటూ మనం ఇచ్చేది ఇంత అస్థిరమైనదైతే, ముందు ఆ అస్థిరత్వం ఎంతో కొలవాలి.

నూటికి 85 అంటే బాగుందా?

ఒక ఊహా లెక్క చూద్దాం. ఇద్దరు డాక్టర్లు విడివిడిగా వంద ఫొటోలు చూసి, ఒక్కోదానికి 'పంపాలి' అనో 'అక్కర్లేదు' అనో రాశారనుకుందాం. పది ఫొటోలకు ఇద్దరూ 'పంపాలి' అన్నారు. డెబ్భై అయిదింటికి ఇద్దరూ 'అక్కర్లేదు' అన్నారు. మరో పదింటికి మొదటి డాక్టరు ఒక్కరే 'పంపాలి' అన్నారు, మిగిలిన అయిదింటికి రెండో డాక్టరు ఒక్కరే అన్నారు. అంటే వందలో 85 చోట్ల ఇద్దరి మాటా కలిసింది. వినడానికి బాగానే ఉంది.

కానీ ఈ వందలో ఎక్కువ కళ్లు ఆరోగ్యమైనవే. మొదటి డాక్టరు మొత్తం 20 ఫొటోలకు, రెండో డాక్టరు 15 ఫొటోలకు 'పంపాలి' అన్నారు. ఇద్దరూ ఫొటోల వైపు చూడకుండా, అదే నిష్పత్తిలో గుడ్డిగా జవాబులు రాసి ఉన్నా కొన్ని కలిసిపోయేవి. రెండు వైపులా 'పంపాలి' పడే అవకాశం 20 శాతంలో 15 శాతం, అంటే వందకు మూడు. రెండు వైపులా 'అక్కర్లేదు' పడే అవకాశం 80 శాతంలో 85 శాతం, అంటే వందకు అరవై ఎనిమిది. మొత్తం 71. కాకతాళీయంగానే వందలో 71 చోట్ల ఏకాభిప్రాయం వస్తుందన్నమాట.

అమెరికా మనస్తత్వవేత్త జేకబ్ కోహెన్ 1960లో చెప్పిన కొలత సరిగ్గా ఈ భాగాన్నే తీసేస్తుంది. దాని పేరు కప్పా. పై లెక్కలో 71కి మించి ఇద్దరూ సాధించింది 14. సాధించడానికి వీలున్నది వంద నుంచి 71 తీసేయగా మిగిలిన 29. పద్నాలుగును 29తో భాగిస్తే 0.48. పూర్తిగా కలిస్తే కప్పా 1, కాకతాళీయానికి సమానమైతే సున్నా. అంటే 85 శాతం అని మురిపించిన ఏకాభిప్రాయం అసలు సగం దూరం కూడా రాలేదు. ఇంకో వైపునుంచి చూసినా అదే తేలుతుంది. కనీసం ఒక్కరైనా 'పంపాలి' అన్న ఫొటోలు 25. వాటిలో ఇద్దరూ కలిసింది పదింటి దగ్గరే. ఆరోగ్యమైన కళ్ల దగ్గర సులువుగా కలిసిన జవాబులు, జబ్బు కళ్ల దగ్గరి గొడవను కప్పేశాయి.

కప్పాకూ పరిమితులున్నాయి. అదే 85 శాతం ఏకాభిప్రాయం, ఇద్దరూ సగం ఫొటోలను 'పంపాలి' అన్న చోట వస్తే కప్పా 0.70 అవుతుంది. కాబట్టి జబ్బు అరుదుగా ఉన్న ఒక గుట్ట కప్పాను, సగం సగం ఉన్న మరో గుట్ట కప్పాతో పోల్చి 'అక్కడి డాక్టర్లు మెరుగు' అనేయకూడదు. 0.41 నుంచి 0.60 వరకు ఓ మోస్తరు, 0.61 నుంచి 0.80 వరకు గట్టి ఏకాభిప్రాయం అంటూ లాండిస్, కోచ్ 1977లో ఇచ్చిన పట్టికను చాలామంది ప్రమాణంగా వాడతారు. ఆ హద్దులు తాము ఏకపక్షంగా పెట్టుకున్నవేనని ఆ ఇద్దరే రాశారు.

ఐదు మెట్లనూ లెక్కలోకి తీసుకుంటే ఇంకో చిక్కు వస్తుంది. స్వల్పమా, మధ్యస్థమా అని తేడా రావడం వేరు, ఒకరు 'ఏమీ లేదు' అన్నదాన్ని మరొకరు చివరి దశ అనడం వేరు. అందుకే ఇక్కడ బరువు కట్టిన కప్పా వాడతారు. ఒక మెట్టు తేడాకు ఒక పాలు, రెండు మెట్లకు నాలుగు పాళ్లు, మూడింటికి తొమ్మిది పాళ్లు చొప్పున తప్పు పెరుగుతుంది.

అయితే ఏ కప్పా అయినా గొడవ ఎంతో చెబుతుంది గానీ ఎందుకో చెప్పదు. దానికి మళ్లీ ఆ లెక్కల పట్టికే చూడాలి. మన ఉదాహరణలో మొదటి డాక్టరు ఒంటరిగా 'పంపాలి' అన్నవి పది, రెండో డాక్టరువి అయిదు. ఈ ఒరుగు ఫొటోలు పెంచినా నిలిచి ఉంటే అది పరధ్యానం వల్ల వచ్చింది కాదు. మొదటివారు హద్దును కాస్త కిందికి గీసుకున్నారని అర్థం. దానికి మందు డాక్టర్లను మార్చడం కాదు, హద్దు ఎక్కడుందో సూచనల్లో ఉదాహరణ ఫొటోలతో సహా స్పష్టంగా రాయడం.

మెజారిటీ ఓడిపోయే చోటు

గొడవ వచ్చినప్పుడు అందరికీ ముందు తోచే దారి ఓటింగ్. ముగ్గురిని అడిగి, ఇద్దరు ఏది అంటే అది ఖాయం చేయడం. తప్పులు ఎవరివి వాళ్లవైతే, అంటే ఒకరు పొరబడ్డ చోట మరొకరు పొరబడకపోతే, ఇది బాగా పనిచేస్తుంది. కానీ మసక ఫొటోలో అంచున ఉన్న చిన్న ఎర్ర చుక్క అందరికీ కనిపించకపోవచ్చు. ముగ్గురిలో ఒక్కరు దాన్ని పట్టుకుంటే, ఓటింగ్‌లో ఓడిపోయేది ఆ ఒక్కరే.

ఇది ఊహ కాదు. గూగుల్ పరిశోధకులే 2018లో మరో అధ్యయనంలో దీన్ని పరీక్షించారు. ముగ్గురు రెటీనా నిపుణులు ముందు విడివిడిగా తీర్పులిచ్చారు. తేడా వచ్చిన ఫొటోల మీద తర్వాత చర్చించి ఒక్క మాట మీదికి వచ్చారు. మెజారిటీ తీర్పుకూ చర్చ తర్వాతి తీర్పుకూ పొంతన లేని చోట్ల కారణాలు వెతికితే, 36 శాతం మైక్రోఅన్యూరిజమ్‌ను చూడకపోవడం వల్ల వచ్చినవే. మరో 20 శాతం ఫొటోలోని మచ్చలను జబ్బు గుర్తులతో కలగలపడం లాంటివి. చర్చతో తేలిన తీర్పును కొలమానంగా పెట్టి సాధారణ కంటి డాక్టర్ల మెజారిటీని కొలిస్తే, మధ్యస్థం లేదా అంతకు మించిన జబ్బున్న కళ్లలో దాదాపు 84 శాతమే పట్టుకుంది. నూటికి పదహారు ఓటింగ్‌లోనే జారిపోయాయి.

ఓట్లకు బరువులు కట్టే పద్ధతీ ఉంది. ఎవరు ఏ రకం తప్పు ఎంత తరచుగా చేస్తారో లేబుళ్ల నుంచే అంచనా వేసి, దాన్నిబట్టి వాళ్ల మాటకు విలువ కట్టే లెక్కను డేవిడ్, స్కీన్ 1979లో చెప్పారు. నిర్లక్ష్యంగా లేబుళ్లు వేసేవాళ్లను ఇది బాగా పట్టిస్తుంది. కానీ ఎక్కువమంది ఒకే తప్పు ఒకే చోట చేస్తుంటే ఇదీ వాళ్లతోనే నడుస్తుంది. అక్కడ కూర్చుని మాట్లాడుకోవడం తప్ప దారి లేదు.

చర్చ ఖరీదైనది. లక్షల ఫొటోలకు జరిపించలేరు. 2018 బృందం 16 లక్షలకు పైగా ఫొటోలతో కంప్యూటర్‌కు నేర్పింది, కానీ చర్చించి తేల్చిన లేబుళ్లు వాటిలో నాలుగు వేలకు లోపే. ఆ కాసినింటిని నేర్పడానికి కాక, నేర్చుకున్నది సరిదిద్దడానికి వాడారు. తుది పరీక్షకు పెట్టిన ఫొటోలకూ నిపుణులు చర్చించి తేల్చిన తీర్పులనే పెట్టారు.

ఈ విభజనలో కీలకం ఉంది. నేర్పే ఫొటోల్లో అక్కడక్కడా చెదురుమదురుగా తప్పు లేబుళ్లుంటే, ఫొటోలు బోలెడున్నప్పుడు కంప్యూటర్ చాలావరకు తట్టుకుంటుంది. ఒకే వైపు ఒరిగిన తప్పులైతే వాటినే పాఠంగా నేర్చుకుంటుంది. పరీక్షించే ఫొటోల్లో తప్పులుంటే నష్టం మరో రకం. సరైన జవాబు చెప్పిన కంప్యూటర్‌కు మార్కు పోతుంది, డాక్టర్లలాగే పొరబడ్డదానికి మార్కు వస్తుంది. ఏది మెరుగో తేల్చే అవకాశమే పోతుంది. కాబట్టి పరిమితమైన డబ్బూ నిపుణుల సమయమూ ముందు పరీక్ష ఫొటోల మీద పెట్టాలి.

అనుమానితులను పట్టుకోవడం

మిగిలిన గుట్టలో తప్పు లేబుళ్లను వెతకడానికి ఒక ఉపాయం ఉంది. ఫొటోలను అయిదు వాటాలు చేస్తారు. నాలుగింటితో కంప్యూటర్‌కు నేర్పి, అది చూడని అయిదో వాటా మీద జవాబులు అడుగుతారు. ఇలా అయిదుసార్లు తిప్పితే ప్రతి ఫొటోకూ దాని లేబుల్ తెలియకుండా చెప్పిన జవాబు ఒకటి దొరుకుతుంది. కంప్యూటర్ గట్టి నమ్మకంతో లేబుల్‌ను కాదన్న ఫొటోలే అనుమానితులు. నేర్పిన ఫొటోల మీదే అడిగితే మాత్రం ఉపయోగం లేదు, తప్పు లేబుళ్లను కూడా అది బట్టీ పట్టేసి ఉంటుంది.

నార్త్‌కట్, అతల్యే, మ్యూలర్ అనే పరిశోధకులు 2021లో ఇలాంటి పద్ధతితో, ప్రపంచమంతా వాడే పది పరీక్ష సముదాయాలను జల్లెడ పట్టారు. సగటున కనీసం 3.3 శాతం లేబుళ్లు తప్పని తేలింది. అంతకన్నా గుర్తుపెట్టుకోవలసిన సంగతి మరొకటుంది. కంప్యూటర్ అనుమానించినవాటిని మనుషులు తిరిగి చూస్తే, నిజంగా తప్పు లేబుళ్లున్నవి సుమారు సగమే. మిగతా సగంలో అనుమానమే పొరపాటు.

అందుకే అనుమానం వచ్చిన ఫొటోలను యంత్రం చేత తీసేయించడం ప్రమాదం. కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చే దశ ఫొటోలు గుట్టలో కొద్దిగానే ఉంటాయి. వాటిని తక్కువగా చూసిన కంప్యూటర్ సరైన లేబుల్‌ను కూడా తప్పంటుంది. దాని మాట విని తీసేస్తే, చూపు పోయే ప్రమాదం అందరికన్నా ఎక్కువున్న రోగుల ఫొటోలే పాఠంలోంచి మాయమవుతాయి. అనుమానితుల జాబితా డాక్టరు బల్ల మీదికి వెళ్లాలి, చెత్తబుట్టలోకి కాదు. మళ్లీ చూసేవారికి పాత లేబుల్ గానీ కంప్యూటర్ జవాబు గానీ కనిపించకూడదు. కనిపిస్తే దానివైపే మొగ్గుతారు. నిపుణులు కూర్చున్నా తేలని మసక ఫొటోలకు బలవంతంగా ఒక మెట్టు అంటగట్టకుండా 'గ్రేడ్ చేయలేం' అని రాసి పక్కన పెట్టడమే నిజాయితీ.

మనుషులంత బాగా జబ్బు పట్టే యంత్రం వచ్చిందని ఇకమీదట ఎక్కడైనా చదివితే మూడు ప్రశ్నలు వేయండి. సరైన జవాబు ఎవరు నిర్ణయించారు? వాళ్లలో వాళ్లకు ఎంత కుదిరింది? కుదరని చోట ఓటు వేశారా, మాట్లాడుకున్నారా? ఈ మూడింటికీ జవాబు లేని శాతాన్ని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు.